నష్టాలకు బ్రాకెట్లా, మైనస్ గుర్తా?

కావలి, రొయ్యల మేత డీలర్ దగ్గర లెక్కలు రాసే అబ్బాయి: నెలవారీ షీట్‌లో మైనస్‌లన్నీ తీసేసి బ్రాకెట్లు పెట్టమని మా ఓనర్ అంటున్నారు. ఆడిటర్ దగ్గర పనిచేసే ఫ్రెండ్ మైనసే ఉంచమంటున్నాడు. ఏది మార్చాలి?

ఒంగోలు, ఆడిట్ పనిలో ఉన్న అక్క: కాగితం మీద చూపించేదైతే బ్రాకెట్లే. ఒక గ్రానైట్ పార్టీ లోన్ కాగితాల్లో నష్టం ముందున్న సన్న గీత జిరాక్స్‌లో పోయింది. అది లాభంలా కనపడింది. ఆ రోజు పడ్డ టెన్షన్ నేను మర్చిపోలేను. బ్రాకెట్ అలా చెరిగిపోదు.

నెల్లూరు అన్న: బ్రాకెట్ పెడితే ఎక్సెల్ దాన్ని అక్షరాలు అనుకుంటుంది, టోటల్ తప్పుతుంది. మైనసే మేలు.

నెల్లూరు, పాత అకౌంటెంట్: అన్నా, అది సగమే నిజం. (12500) అని టైప్ చేస్తే ఎక్సెల్ -12500 గానే తీసుకుంటుంది. పీడీఎఫ్‌లోంచి కాపీ చేసినప్పుడు కంటికి కనపడని ఖాళీ లోపల చేరితే అక్షరాలుగా ఉండిపోతుంది. ఒక కాలమ్‌లో 84,000, (12,500), 31,000, (6,200) ఉన్నాయనుకోండి. మొత్తం 96,300 రావాలి. బ్రాకెట్లవి రెండూ అక్షరాలైతే SUM వాటిని వదిలేసి 1,15,000 చూపిస్తుంది, ఎర్రర్ కూడా ఇవ్వదు. అలాంటి అంకెలు గడిలో ఎడమవైపుకి జరిగి ఉంటాయి. అనుమానం ఉంటే `=ISNUMBER(B3)` వేయండి, FALSE వస్తే అదే.

కాబట్టి తమ్ముడూ, బ్రాకెట్ చేత్తో టైప్ చేయొద్దు. లోపల మైనస్ అలాగే ఉంచి పైకి కనపడే తీరు మాత్రం మార్చు. Ctrl+1 నొక్కి Custom లో ఇది పెట్టు:

```
#,##0.00_);(#,##0.00)
```

ఆ `_)` మూసే బ్రాకెట్ అంత చోటు వదులుతుంది. అది లేకపోతే లాభాల అంకెలు, నష్టాల అంకెలు ఒక వరసలో నిలవవు. ఆడిటర్‌కి సీఎస్‌వీ పంపేటప్పుడు మాత్రం మామూలు మైనస్‌కి మార్చి సేవ్ చెయ్యి. తెర మీద కనపడే బ్రాకెట్లే ఆ ఫైల్లోకి పోతాయి, అన్ని సాఫ్ట్‌వేర్లూ వాటిని అంకెలుగా చదవవు.

కందుకూరు అన్న: మా టాలీలో స్టాక్ తక్కువైతే (-) అని వస్తోంది. దాన్ని తీసేయడం ఎలా?

పాత అకౌంటెంట్: అది గుర్తు సమస్య కాదన్నా. కొనుగోలు ఎక్కించకుండా అమ్మకం ఎక్కించి ఉంటారు, ఆ ఎంట్రీలు చూడండి.

ఒంగోలు అక్క: కంపెనీల చట్టం షెడ్యూల్ 3 కూడా పేరుకుపోయిన నష్టాన్ని మైనస్ అంకెగా చూపమంటుంది కదా!

పాత అకౌంటెంట్: అంటుందమ్మా. కానీ బ్రాకెట్టా, గీతా అని చెప్పదు.

చీమకుర్తి తమ్ముడు: అన్నా, నాకు లక్షల కామాలు కావాలి. నేను వాడేది ఇది:

```
[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0
```

లాభం 1,25,000 అని సరిగ్గా వస్తోంది. నష్టం మాత్రం -125,000 అంటోంది, బ్రాకెట్ పెట్టడానికి చోటే లేదు.

పాత అకౌంటెంట్: అందులో షరతులు రెండే పడతాయి, నష్టాలన్నీ మూడో భాగంలోకి పోతాయి. విండోస్ రీజియన్‌ని ఇండియాకి మార్చి, పైన నేనిచ్చిన ఫార్మాట్ వాడు. లక్షలూ వస్తాయి, బ్రాకెట్లూ వస్తాయి.

చీమకుర్తి తమ్ముడు: నా సిస్టమ్‌లో వచ్చింది. అదే ఫైల్ బయట దేశం పార్టీ తెరిస్తే మళ్ళీ 125,000 అనే కనపడుతోందంట.