సంతకం పెట్టిన రిజిస్ట్రేషన్ కార్డు ఉంటే ఛార్జ్‌బ్యాక్ గెలిచినట్టేనా?

బీచ్‌రోడ్_ఫ్రంటాఫీస్: వైజాగ్‌లో మా హోటల్లో ఒక విదేశీ గెస్ట్ రెండు రాత్రులు ఉన్నారు. గది డబ్బు 12,600 ముందే పేమెంట్ లింక్‌లో కట్టారు. చెకౌట్ రోజు రెస్టారెంట్ బిల్లు 1,890 అదే కార్డుతో మెషీన్‌లో పిన్ కొట్టి ఇచ్చారు. ఇప్పుడు ఆ 12,600 వెనక్కి ఇవ్వమంటూ కార్డుదారు బ్యాంకు నుంచి వీసా ఛార్జ్‌బ్యాక్ వచ్చింది, కోడ్ 10.4. గెస్ట్ బిల్లు ఖాతా అయిన ఫోలియో, రిజిస్ట్రేషన్ కార్డు మీద సంతకం, తలుపు ఎప్పుడెప్పుడు తెరిచారో చూపే తాళం లాగ్ అన్నీ ఉన్నాయి. ఇవి పంపితే చాలా? నేరుగా కార్డు కంపెనీకే రాయమంటున్నారు మా మేనేజర్.

గోదారి_గెస్ట్‌హౌస్: సంతకం ఉందిగా బ్రో, ఇంకేం కావాలి! మనిషి వచ్చాడు, పడుకున్నాడు, సంతకం పెట్టాడు. మూడు కాగితాలూ జత చేసి పంపెయ్, గెలుస్తావ్.

సెటిల్‌మెంట్_శాస్త్రి: అంత తేలిక కాదండి. 10.4 అంటే "ఆ చెల్లింపు నేను చేయలేదు" అని కార్డుదారు అంటున్నట్టు. "గది ఇవ్వలేదు" అన్న ఫిర్యాదైతే ఫోలియో, తాళం లాగ్‌తో పని జరిగిపోయేది. ఇక్కడ అవి ఎవరో ఒకరు బస చేశారనే చెబుతాయి. ఆ ఎవరో కార్డుదారే అని చూపించాలి.

మీ చేతిలో ఉన్న అసలు ఆధారం ఆ 1,890. అదే కార్డు, అదే బస, చిప్‌తో పిన్. ఆ స్లిప్పు మొదటి జతపత్రంగా పెట్టండి. లింక్ చెల్లింపు ఆమోదంలోనూ, స్లిప్పులోనూ చివరి నాలుగు అంకెలు ఒకటేనని ఉత్తరం మొదటి పేరాలోనే రాయండి. తర్వాత రిజిస్ట్రేషన్ కార్డు మీది పేరు, కార్డు మీది పేరు ఒకటేనని చెప్పండి. ఫోలియో ఆ తర్వాత.

అంతకంటే ముందు, పేమెంట్ లింక్ ఇచ్చిన గేట్‌వే వాళ్లని ఆ లావాదేవీ ఈసీఐ విలువ అడగండి, కార్డుదారు ధృవీకరణ జరిగిందో లేదో చెప్పే కోడ్ అది. వీసాకి 05 అంటే కార్డుదారు ధృవీకరణ, ఉదాహరణకి ఓటీపీతో, పూర్తయిందని, మోసం బాధ్యత మామూలుగా కార్డిచ్చిన బ్యాంకుదే. 07 అయితే ఆ రక్షణ లేదు. విదేశీ కార్డులకి మన ఓటీపీ నిబంధన వర్తించదు కాబట్టి 07 వచ్చే అవకాశం ఎక్కువ.

మేనేజర్ గారి మాట మాత్రం వద్దు. జవాబు మీ మెషీన్, గేట్‌వే ఇచ్చిన బ్యాంకు ద్వారానే వెళ్లాలి. నోటీసులో వాళ్లిచ్చిన తేదీయే మీ గడువు. కార్డు కంపెనీ గడువు ఇంకా ఉందని ఆగొద్దు.

కొండపల్లి_ఇన్: మాకూ ఫోలియో పంపితే ఓడిపోయాం సార్. గెస్ట్ రాలేదు, ఒక రాత్రి డబ్బు పట్టుకున్నాం. ఫోలియోకి విలువే లేదు!

సెటిల్‌మెంట్_శాస్త్రి: మీది వేరే వ్యవహారం. రాని మనిషికి ఫోలియో ఏం సాక్ష్యం? డబ్బు కట్టే ముందు ఆయన రద్దు నిబంధనకి ఒప్పుకున్న తెర, తేదీ, సమయం చూపించాలి. రిసెప్షన్‌లో అంటించిన బోర్డు చెల్లదు.

నైట్‌ఆడిట్_లక్ష్మి: తేదీల సంగతి కూడా చూసుకోండి. రాత్రి ఒంటిగంటకి చెకిన్ అయితే ఫోలియోలో ముందు రోజు బిజినెస్ తేదీ పడుతుంది, తాళం లాగ్‌లో మర్నాటి తేదీ. చదివేవాళ్లకి రెండూ కలవనట్టే కనిపిస్తాయి. ఆ రోజు లెక్కలు మూసే నైట్ ఆడిట్ ఎప్పుడు ముగుస్తుందో ఒక వాక్యంలో రాసేయండి. తాళం గడియారం వెనకబడి ఉంటే అదీ చెప్పండి, దాచిపెడితే మొత్తం మీదే అనుమానం వస్తుంది.

ఇంకోటి, పసుపు హైలైటర్ వాడకండి. నలుపు తెలుపు స్కాన్‌లో ఆ వరుస సరిగ్గా కనిపించకపోవచ్చు. పెన్నుతో గుండ్రంగా చుట్టండి.

గోదారి_గెస్ట్‌హౌస్: సరే, పాస్‌పోర్టు కాపీ కూడా పెట్టేస్తే తిరుగే ఉండదు కదా.

సెటిల్‌మెంట్_శాస్త్రి: ఫొటో, పేరు ఉంచి నంబరు కప్పేసి పెట్టవచ్చు. పాత రకం రిజిస్ట్రేషన్ కార్డుల్లో కార్డు నంబరు రాసే గడి ఉంటుంది, చివరి నాలుగు తప్ప మిగతావి నల్లగా కొట్టేయండి. సీవీవీ రాసి ఉంచడమే తప్పు, పంపడం సంగతి చెప్పక్కర్లేదు.

నైట్‌ఆడిట్_లక్ష్మి: నేనైతే పాస్‌పోర్టు పెట్టను సార్. పిన్ స్లిప్పు, పేరు కలిశాక అది అదనపు వ్యక్తిగత సమాచారమే. బ్యాంకు అడిగితే అప్పుడిద్దాం.

సెటిల్‌మెంట్_శాస్త్రి: బ్యాంకు మళ్లీ అడుగుతుందని నమ్మకం లేదమ్మా. చాలాసార్లు ఒక్కసారి పంపినదాన్నే చూస్తారు. అందుకే కప్పేసిన కాపీ అంటాను.

బీచ్‌రోడ్_ఫ్రంటాఫీస్: ఈసీఐ 07 అని చెప్పారండి గేట్‌వే వాళ్లు. కార్డు మీద, రిజిస్ట్రేషన్‌లో ఒకటే పేరు. స్లిప్పు ముందు పెట్టి ఉత్తరం రాస్తున్నాను. పాస్‌పోర్టు విషయం మేనేజర్ గారిని అడగాలి.