20 శాతం పెద్ద బరకం అడిగితే బిల్లు 44 శాతం ఎందుకు పెరిగింది?

అంబాజీపేట రైతు: అందరికీ నమస్కారమండి. ధాన్యం ఆరబెట్టడానికి కొత్త బరకం కుట్టించాను. పాతదానికంటే 20 శాతం పెద్దది కావాలని షాపులో స్పష్టంగా చెప్పాను. బిల్లు చూస్తే 44 శాతం ఎక్కువ. రేటు మారలేదంటాడు, గుడ్డ అదేనంటాడు. సాయంత్రం నుంచి కాగితం మీద లెక్కలు వేస్తూనే ఉన్నాను, తేలడం లేదు. 20 ఎక్కడ, 44 ఎక్కడ? ఎవరైనా చెప్పండి, రేపు ఉదయం షాపుకెళ్లాలి.

కోచింగ్ కుర్రాడు: 44 కరెక్టే. బిల్లు కట్టేయండి.

అంబాజీపేట రైతు: అంత తేలిగ్గా ఎలా కట్టేస్తాను బాబూ, డబ్బు నాది కదా.

రైస్ మిల్లు గుమస్తా: ఇందులో పెద్ద లెక్కేమీ లేదండి. పొడవు 20 పెరిగింది, వెడల్పు 20 పెరిగింది, కలిపితే 40. వైశాల్యం ఎప్పుడూ రెట్టింపు శాతం పెరుగుతుంది. ఆ పైన 4 శాతం షాపువాడు కలిపేసుకున్నాడు, అది మాత్రం అడగండి.

ఇంకో మాట. బరకం ఎంత పెద్దదైనా ధాన్యం మందంగా పోస్తే తేమ దిగదు. కొనుగోలు కేంద్రంలో 17 శాతం దాటితే తిప్పి పంపేస్తారు. కోత మిషను వచ్చాక అందరూ పచ్చి ధాన్యమే తెస్తున్నారు. పలచగా పోసి, గంటకోసారి కాళ్లతో దున్నితేనే గింజ సమంగా ఆరుతుంది. ఈ సంగతి ఎవరూ పట్టించుకోరు.

ట్యూషన్ మాస్టారు, రామచంద్రపురం: గుమస్తాగారూ, ఆ 4 శాతం షాపువాడు కలిపింది కాదు, గుడ్డలో నిజంగా ఉంది. ముందు రైతుగారు ఒకటి చెప్పాలి. పాత బరకం కొలతలు ఎంత, కొత్తది ఎంత? అవి లేకుండా అందరం గాల్లో మాట్లాడుతున్నాం.

అంబాజీపేట రైతు: చెప్పలేదా? పాతది 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు మాస్టారూ. కొత్తది 36, 24. చదరపు అడుగు 6 రూపాయలు. పాతదానికి 3,600 ఇచ్చాను, ఇప్పుడు 5,184 అడుగుతున్నాడు.

ట్యూషన్ మాస్టారు, రామచంద్రపురం: ఇప్పుడు తేలుతుంది. పాత బరకం నేల మీద పరిచినట్టు అనుకోండి, 600 చదరపు అడుగులు. పొడవు 6 అడుగులు పెంచారు, అంటే చివర 6 అడుగుల వెడల్పున్న పట్టీ, 20 అడుగుల పొడవున వచ్చింది. అది 120. వెడల్పు 4 అడుగులు పెంచారు, అంటే పక్కన 30 అడుగుల పొడవున 4 అడుగుల పట్టీ. అదీ 120. రెండూ కలిపి 240, పాత 600లో 40 శాతం. గుమస్తాగారు అక్కడే ఆగిపోయారు.

ఈ రెండు పట్టీలూ వేశాక మూలలో ఇంకా ఖాళీ ఉంటుంది. 6 అడుగులు, 4 అడుగులు. అక్కడ 24 చదరపు అడుగుల ముక్క లేకపోతే బరకం మూల తెగిపోయినట్టు ఉంటుంది. 600లో 24 అంటే 4 శాతం. అన్నీ కలిపి 864. ఆరుతో గుణిస్తే 5,184. షాపువాడి లెక్కలో తప్పు లేదు.

రైస్ మిల్లు గుమస్తా: నేను చాలా ఏళ్లుగా ఇలాగే వేస్తున్నాను మాస్టారూ, ఎప్పుడూ తేడా రాలేదు.

ట్యూషన్ మాస్టారు, రామచంద్రపురం: తక్కువ శాతం మీద వేసి ఉంటారు. భుజాలు రెండూ 2 శాతం పెరిగితే వైశాల్యం 4.04 పెరుగుతుంది, మూల ముక్క కంటికి ఆనదు. అదే 50 శాతం పెంచి చూడండి. మీ లెక్కలో 100 వస్తుంది, అసలు 125. ఒకటిన్నరను ఒకటిన్నరతో గుణిస్తే రెండుంపావు కదా.

చెరువుల అన్న, ఆకివీడు: నాదీ ఇలాంటిదే. నర్సరీ చెరువు 200 అడుగులు, 100 అడుగులు. ఒకవైపు గట్టు జరిపి పొడవు 20 శాతం పెంచాను, రోడ్డు వైపు వెడల్పు 20 శాతం తగ్గించాను. పోయిందీ వచ్చిందీ సమానమే కదా, లీజు పాత లెక్కనే ఇస్తున్నాను. అంతేగా?

కోచింగ్ కుర్రాడు: కాదు. 4 శాతం తగ్గింది. ఒకటి పెరిగి ఒకటి తగ్గితే మూల ముక్క మైనస్. 20, మైనస్ 20, మైనస్ 4.

చెరువుల అన్న, ఆకివీడు: మైనస్ అంటే ఏమిటి తమ్ముడూ, మట్టి ఎక్కడికి పోతుంది?

ట్యూషన్ మాస్టారు, రామచంద్రపురం: పోయింది నీళ్ల జాగా అన్నా. ఇప్పుడు మీ చెరువు 240, 80. అంటే 19,200. ముందు 20,000. తేడా 800 చదరపు అడుగులు, రెండు సెంట్లకు కాస్త తక్కువ. వెడల్పు తగ్గించేటప్పుడు ఆ కోత పెరిగిన పొడవు అంతటా పడింది, అందుకే పోయింది ఎక్కువ. వైశాల్యం అలాగే ఉండాలంటే వెడల్పు ఆరో వంతే తగ్గించాలి, 83 అడుగుల 4 అంగుళాలు ఉంచాలి.

నర్సరీ యజమాని, కడియం: అసలు సెంట్లలో వేయాలా, గజాల్లో వేయాలా? మా దగ్గర గజాల్లో చెప్తే 44 రావడం లేదు.

కోచింగ్ కుర్రాడు: అడుగైనా గజమైనా శాతం మారదు. ఎక్కడో గుణకారం తప్పి ఉంటుంది.

నర్సరీ యజమాని, కడియం: మాది కోణం తేడా ఉన్న మడి లెండి, మళ్లీ వేసి చూస్తాను.

ట్యూషన్ మాస్టారు, రామచంద్రపురం: రైతుగారూ, ఒక్క ప్రశ్న. మీకు 20 శాతం ఎక్కువ ఎందుకు కావాల్సి వచ్చింది?

అంబాజీపేట రైతు: క్రితం సారి 50 బస్తాలు ఒక దఫా ఆరబెట్టేవాణ్ణి. ఈసారి 60 వస్తాయి. అందుకే.

ట్యూషన్ మాస్టారు, రామచంద్రపురం: అయితే మీకు కావాల్సింది జాగా 20 శాతం ఎక్కువ. అదే మందాన పోస్తే 60 బస్తాలకు 720 చదరపు అడుగులు చాలు. వెడల్పు 20 అలాగే ఉంచి పొడవు 36 చేసి ఉంటే సరిగ్గా 720, బిల్లు 4,320. రెండు వైపులా పెంచాలంటే ఒక్కో వైపు తొమ్మిదిన్నర శాతం చాలు. పదిశాతం చేసి 33, 22 చెప్పినా 726 వచ్చేది. ఆర్డరులో శాతం చెప్పకుండా అడుగులు చెప్పాలండి. శాతం భుజానికా జాగాకా అనేది షాపువాడికి ఎలా తెలుస్తుంది?

రైస్ మిల్లు గుమస్తా: పెద్దది పలచగా పోసుకోవడానికి పనికొస్తుంది, నష్టం లేదు. 864 మీద 60 బస్తాలు పోస్తే ముందుకంటే మందం తగ్గుతుంది, త్వరగా ఆరుతుంది.

కోచింగ్ కుర్రాడు: మందం ఆరో వంతు తగ్గుతుంది.

అంబాజీపేట రైతు: అదీ నిజమే ఆయ్. కానీ మా కళ్లం వెడల్పు 22 అడుగులే. 24 వేస్తే అంచు మడత పెట్టాలి. వెనక్కి తీసుకుంటాడా?

ట్యూషన్ మాస్టారు, రామచంద్రపురం: ఒకవైపు 4 అడుగులు కోయిస్తే 36, 20 అవుతుంది. మిగిలే పట్టీ 36 అడుగుల పొడవు, 144 చదరపు అడుగులు, 864 రూపాయల గుడ్డ. వాన వస్తే రాశి మీద కప్పడానికి కొంత పనికొస్తుంది. కోయించే ముందు అంచు రింగులు ఎటువైపు ఉన్నాయో చూసుకోండి, కోసిన వైపు మళ్లీ మడత వేసి రింగులు కొట్టాలి, దానికి అంగుళాలు పోతాయి. కుట్టించిన సరుకు షాపువాడు వెనక్కి తీసుకోవడం మాత్రం కష్టం.

చెరువుల అన్న, ఆకివీడు: మరి నా లీజు సంగతి? రెండు సెంట్లకు అడగొచ్చంటారా?

అంబాజీపేట రైతు: సరే మాస్టారూ, థాంక్సండి. రేపు వెళ్లి ముందు టేపు పెట్టి కొలిచాక మాట్లాడతాను.