బోర్డు నుంచి తిరిగొచ్చిన కవర్ నోట్: పెద్ద మెషీన్, విడతల చెల్లింపు. సలహా కావాలి

సందీప్:
అందరికీ నమస్కారం. ఈ దేశం వచ్చి ఐదు నెలలైంది. ఒక తయారీ కంపెనీలో ఫైనాన్స్‌లో చేరాను. కొత్త ప్యాకింగ్ లైన్ కొనడానికి బోర్డు అనుమతి కోరుతూ కవర్ నోట్ రాసే పని నాకిచ్చారు. మెషీన్ ధరని 100 అనుకుందాం. ఆర్డర్‌తో 30, ఫ్యాక్టరీ నుంచి బయల్దేరేటప్పుడు 50, ఇక్కడ బిగించి నడిపి చూపించాక 20 కట్టాలి. తయారీకి 28 వారాలు, దారిలో 6, బిగింపుకి 5.

నేను రెండు పేజీలు రాశాను. మొదటి పేజీ అంతా పాత లైన్ ఇబ్బందులు, కొత్త దాని గొప్పలు. చివర్లో "అడ్వాన్స్ 30 చెల్లించడానికి అనుమతి ఇవ్వగలరు" అని ముగించాను. అది వెనక్కి వచ్చింది. పక్కన పెన్సిల్‌తో రెండే ప్రశ్నలు: "అసలు మమ్మల్ని ఎంతకి ఒప్పుకోమంటున్నారు?", "మధ్యలో ఆగితే ఎంత పోతుంది?" వచ్చే సమావేశానికి తొమ్మిది రోజులుంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఎలా తిరగరాయాలి?

లావణ్య:
తమ్ముడూ, కవర్ లెటర్ ఒక పేజీ దాటకూడదు. ప్రకటనలో వాళ్లు వాడిన మాటలే మీ అనుభవం చెప్పేటప్పుడు వాడండి. నేను నలభై అప్లికేషన్లు పంపాక తెలుసుకున్నానిది. జీతం సంగతి మొదటి లెటర్‌లో ఎత్తొద్దు.

సందీప్:
అక్కా, ఉద్యోగానికి కాదండీ, బోర్డుకి పంపే నోట్. కానీ ఒక పేజీ మాట పట్టుకుంటున్నాను.

రఘు:
అసలు తప్పు నోట్‌లో లేదు, 30 అడ్వాన్స్‌లో ఉంది. అడ్వాన్స్ 10 శాతం మించకూడదనేది రూల్. ముందు సప్లయర్‌తో బేరం ఆడండి. ఎలాగూ బ్యాంక్ గ్యారంటీ తీసుకుంటారు కాబట్టి, నచ్చకపోతే ఎప్పుడైనా ఆపేసి డబ్బు వెనక్కి తెచ్చుకోవచ్చు. బోర్డుకి అదే రాయండి.

విజయ:
రఘు గారూ, అలాంటి రూల్ ఏదీ లేదండీ. కొన్ని సంస్థలు తమ సొంత పద్ధతిగా పెట్టుకుంటాయి. మన కోసమే తయారుచేసే మెషీన్‌కి 30 అడగడం మామూలే. గ్యారంటీ గురించి మీరన్నది బోర్డుకి రాస్తే ప్రమాదం. సప్లయర్ మాట తప్పితే అడ్వాన్స్ తిరిగి రావడానికి అది. మనం మనసు మార్చుకుంటే అది పనికిరాదు.

సందీప్, పెన్సిల్ ప్రశ్నలు రెండూ ఒకటే సంగతి అడుగుతున్నాయి. మీరు 30కి అనుమతి అడిగారు, కానీ ఆర్డర్ మీద సంతకం పడిన రోజే కంపెనీ మొత్తం ధరకి కట్టుబడిపోతుంది. 30 అనేది ఆ రోజు ఖాతాలోంచి కదిలే డబ్బు మాత్రమే. మీ కాంట్రాక్ట్ డ్రాఫ్ట్‌లో రద్దు చేసుకోవడం గురించిన క్లాజ్ చూసి, ఏ వారానికి ఎంత కట్టాలో ఇక్కడ రాయండి. గ్యారంటీ ఎప్పటిదాకా ఉందో కూడా.

సందీప్:
ఇప్పుడే చూశాను, విజయ గారూ. 10వ వారం లోపల రద్దు చేస్తే అడ్వాన్స్ 30 పోతుంది. ఆ తర్వాత ఎప్పుడు రద్దు చేసినా ధరలో 60 శాతం వాళ్లకి దక్కాలి. గ్యారంటీ 28వ వారం చివరి రోజుతో ముగుస్తుంది. ఇవేవీ నా నోట్‌లో లేవు.

మూర్తి:
ఆ ఆఖరి వాక్యం చదవగానే గుండె ఝల్లుమంది బాబూ. నా కథ చెప్పాలి, కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

పాత కంపెనీలో ఒక పెద్ద ఓవెన్ కొన్నాం. అడ్వాన్స్ 40 శాతం, దానికి గ్యారంటీ. గ్యారంటీ గడువు సరిగ్గా ఓవెన్ బయల్దేరాల్సిన తేదీ. తయారీ ఆలస్యమైంది. సప్లయర్ ప్రతి సోమవారం ఫోన్ చేసి "వచ్చే వారం" అనేవాడు, ఏడు వారాలు అలాగే గడిచాయి. గడువు తేదీ ఉన్న కాగితం ట్రెజరీ ఫైల్‌లో ఉంది. ప్రాజెక్ట్ వాళ్లకి ఆ కాగితం సంగతే తెలియదు. గ్యారంటీ గడువుని మధ్యలో ఒకసారి పొడిగించారు, అది కూడా సప్లయర్ దయతో. రెండో గడువుకి నాలుగు రోజుల ముందు నా కంట పడింది.

హడావుడిగా ఆ బ్యాంకుకి "దయచేసి పొడిగించండి" అని రాశాం. ఇది డబ్బు కట్టమని కోరే డిమాండ్ కాదు, సప్లయర్ ఏ షరతు తప్పాడో రాసి, సంతకాలు మీ బ్యాంకు ద్వారా ధ్రువీకరించి పంపండి అని జవాబొచ్చింది. అన్నీ సరిచేసి పంపిన కవరు గడువు దాటిన మర్నాడు చేరింది. రెండు నెలల్లో సప్లయర్ మూతపడ్డాడు. మా 40 శాతం అప్పులవాళ్ల జాబితాలో ఒక వరుసగా మిగిలింది. బోర్డులో ఒకావిడ ఒకే ఒక్క మాట అడిగారు: "ఈ తేదీ చూసుకోవాల్సింది ఎవరు?" గదిలో ఎవరూ నోరు విప్పలేదు. ఇప్పటికీ గుర్తొస్తే నిద్ర పట్టదు.

అందుకని నోట్‌లో గ్యారంటీ గడువు, దాన్ని కనిపెట్టి ఉండాల్సిన మనిషి హోదా రెండూ రాయాలి.

విజయ:
మూర్తి గారూ, ఆ రోజు "పొడిగించండి, లేదా డబ్బు కట్టండి" అని రెండూ కలిపి, నియమాల ప్రకారం డిమాండ్ పంపి ఉండాల్సింది. ఇలాంటి గ్యారంటీలకి వాడే అంతర్జాతీయ నియమాలైన యుఆర్‌డిజి 758 వర్తిస్తాయని గ్యారంటీ మీద రాసి ఉంటే 23వ ఆర్టికల్ ఇదే చెబుతుంది. అలాంటి డిమాండ్ వస్తే బ్యాంకు 30 క్యాలెండర్ రోజుల దాకా చెల్లింపు ఆపి, ఆలోగా పొడిగింపు తెచ్చివ్వొచ్చు. కానీ ఆ డిమాండ్ గడువు లోపలే చేరాలి.

సందీప్, మీ అంకెలతో చూడండి. 28వ వారం దాకా మీరు కట్టింది 30, గ్యారంటీ 30. సప్లయర్ మునిగినా ఫరవాలేదు. 28వ వారంలో ఇంకో 50 కడతారు, అదే వారం గ్యారంటీ పోతుంది. అక్కడినుంచి 39వ వారంలో మెషీన్ మీ దగ్గర నడిచేదాకా, పదకొండు వారాలు, కట్టిన 80కి ఏ రక్షణా లేదు. బోర్డుకి కనపడాల్సిన బొమ్మ ఇది.

సప్లయర్‌ని రెండు అడగండి. గ్యారంటీ సైట్ టెస్ట్ పూర్తయ్యేదాకా ఉండాలి. 50ని రెండుగా విడగొట్టి, 30 బయల్దేరేటప్పుడు, 20 ఇక్కడికి చేరాక ఇవ్వాలి. అప్పుడు దారిలో ఉన్నప్పుడు 60 కట్టి 30 రక్షణలో, చేరాక 80 కట్టి 30 రక్షణలో ఉంటారు. గ్యారంటీ పొడిగింపుకి అయ్యే బ్యాంకు ఖర్చు ధరలో కలుపుతానంటాడు. అది ఎంతో తెలుసుకుని రాయండి.

కిరణ్:
ఇంత తలనొప్పి ఎందుకండీ, లీజుకి తీసుకోండి. మేము అలాగే తీసుకున్నాం.

విజయ:
అది బోర్డు తప్పకుండా అడుగుతుంది కిరణ్, చూశాం అని ఒక వాక్యం ఉండాలి. కాకపోతే తయారీ దశలో విడతలు కట్టాల్సిన మెషీన్ అయితే, లీజు కంపెనీ కూడా ఆ విడతలకి మనల్నే పూచీ అడగొచ్చు. ముందు ఆ లీజు ఒప్పందాన్ని చదవండి.

మొత్తం ఖర్చు ఎంత, సందీప్? మెషీన్ ఒక్కటే 100. మిగతావి?

సందీప్:
రవాణా, బీమా 4. ఫౌండేషన్, కరెంటు పనులు 9. బిగింపు, శిక్షణ 3. విడిభాగాలు 2. అనుకోని వాటికి 6 ఉంచమన్నారు ఇంజనీర్లు. మొత్తం 124.

విజయ:
అయితే నోట్ ఇలా మొదలవ్వాలి. నా మాటల్లో రాస్తున్నాను, మీ పద్ధతిలోకి మార్చుకోండి.

"ప్యాకింగ్ లైన్ కోసం మొత్తం 124 వరకు ఖర్చుకి, కొనుగోలు కాంట్రాక్ట్ మీద సంతకానికి బోర్డు అనుమతి కోరుతున్నాం. ఇందులో మెషీన్ 100, ఇతర పనులు 18, అనుకోని ఖర్చులకు 6. సంతకం తర్వాత 10వ వారం లోపల ఆగితే మెషీన్ ధరలో 30 పోతుంది, ఆ తర్వాత 60. సప్లయర్ విఫలమైతే రక్షణ లేకుండా ఉండే మన డబ్బు గరిష్ఠంగా 50, మెషీన్ చేరినప్పటి నుంచి సైట్ టెస్ట్ వరకు. గ్యారంటీ గడువును ట్రెజరీ మేనేజర్ గమనిస్తారు. అడ్వాన్స్ తప్ప ఏ విడతా తేదీని బట్టి కట్టం, పరీక్ష కాగితం చూశాకే కడతాం."

ఆ 50 సప్లయర్ ఒప్పుకుంటేనే. ఒప్పుకోకపోతే 80 అనే రాయాలి, దాచొద్దు. ఆ తర్వాత పాత లైన్ సంగతి నాలుగు వాక్యాల్లో. మీ మొదటి పేజీ అంతా జతపత్రంలోకి.

పరీక్ష కాగితం మాట ఊరికే అనలేదు. ఒకసారి ఫ్యాక్టరీ టెస్ట్‌కి నేనే వెళ్లాను. మెషీన్ గడియారంలా నడిచింది. తర్వాత గమనిస్తే ట్రేలో ఉన్నవి సప్లయర్ సొంత అట్టపెట్టెలు, మందంగా ఉన్నాయి. మేము తీసుకెళ్లిన పల్చటి పెట్టెలు వేయగానే మూడో నిమిషంలో ఇరుక్కుంది. అప్పటికే మా ఇంజనీర్ "చిన్న లోపాలతో అంగీకారం" అన్న గడి మీద సంతకం చేసేశాడు, దాంతో రెండో విడత కట్టాల్సి వచ్చింది. కాబట్టి ఎవరి సరుకుతో, ఎంత వేగంతో, ఎన్ని గంటలు నడవాలో విడత షరతులోనే రాయించండి.

రఘు:
అడ్వాన్స్ రూల్ గురించి సరే, ఒప్పుకుంటున్నా. కానీ సరుకు ఓడ ఎక్కించేదాకానే సప్లయర్ బాధ్యత అనే ఎఫ్‌ఓబీ షరతు అయితే, ఓడ ఎక్కిన క్షణం నుంచి మెషీన్ మనదే కదా, 50 కట్టేస్తే భయం ఏముంది?

మూర్తి:
రఘూ, ఓడ ఎక్కితే మారేది నష్టం భారం. యాజమాన్యం ఎప్పుడు మారుతుందో ఎఫ్‌ఓబీ లాంటి ఇంకోటెర్మ్స్ షరతులు చెప్పవు, అది కాంట్రాక్ట్‌లో విడిగా రాసుకోవాలి. లేకపోతే ఏ దేశపు చట్టం వర్తిస్తుందో దాన్ని బట్టి ఉంటుంది.

రఘు:
అయితే 50 కట్టిన రోజే యాజమాన్యం మనదని రాయించుకోవాలి. సప్లయర్ మునిగినా మెషీన్ చేతిలో ఉంటుంది.

మూర్తి:
సగం తయారైన మెషీన్ చేతిలో ఉండి ఏం చేస్తాం? కంట్రోల్ ప్రోగ్రాం వాళ్ల దగ్గరే ఉంటుంది. నా ఓవెన్ ఫ్రేమ్ కొనడానికి ఎవరూ రాలేదు.

రఘు:
ఏమీ లేనిదానికన్నా ఫ్రేమ్ నయం అంటాను. మీరు వద్దంటారు.

విజయ:
యాజమాన్యం సంగతి లాయర్‌ని అడగండి సందీప్, మేము తేల్చలేం. నోట్‌లో మాత్రం "యాజమాన్యం ఫలానా దశలో మారుతుంది" అని ఒక వాక్యం ఉండాలి.

సందీప్:
సప్లయర్‌తో మాట్లాడాను. గ్యారంటీ సైట్ టెస్ట్ దాకా పొడిగిస్తారట, 0.4 అదనం. 50ని విడగొట్టడానికి ఒప్పుకోలేదు. అంటే దారిలో 80 కట్టి 30 రక్షణలో, మిగిలిన 50 ముందు అనుకున్నదానికన్నా ముందే, 28వ వారం నుంచే బయట ఉంటుంది. నోట్ మార్చి రాశాను, ఒక పేజీ. మొత్తం 124.4. కానీ మా సీఎఫ్‌ఓ ఆ 6ని అడగొద్దు, అవసరమైతే మళ్లీ వెళ్దాం అంటున్నారు.

మూర్తి:
అడుగు. మళ్లీ వెళ్లేటప్పటికి 60 శాతం రద్దు భారం మీద పడి ఉంటుంది, బోర్డు వద్దనే స్థితిలో ఉండదు.

విజయ:
నేను సీఎఫ్‌ఓ గారి వైపు సగం ఉన్నాను. 6ని అడగండి, కానీ వాడాలంటే ఆయన లిఖితంగా ఒప్పుకోవాలని, వాడిన ప్రతిసారీ తర్వాతి సమావేశానికి తెలియజేస్తామని నోట్‌లో రాయండి. కొటేషన్ ఎప్పటిదాకా చెల్లుతుందో చూశారా? సమావేశం తర్వాత ఎన్ని రోజులుంటాయి?

సందీప్:
సమావేశం తర్వాత రెండు రోజులే. ఇప్పుడే రాస్తున్నాను, కనీసం నెల పొడిగించమని.