అప్‌డేట్: ఫొటోలోని స్టాక్ షీటు లెక్క తేలింది

నా ప్రశ్న: "గాజువాకలో మా హార్డ్‌వేర్ షాపు మార్చి 31 స్టాక్ షీటు ఫొటో ఒక్కటే ఉంది. దాన్నుంచి ముగింపు సరుకు విలువ, కొన్న ధరకు ఎలా కట్టాలి?"

సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. పీవీసీ ఎల్బోల వరుసే ఎక్కువ ఇబ్బంది పెట్టింది. అందులో ఇన్ని బాక్సులు + 14 అని ఉంది, కానీ ఫొటోలో బాక్సుల అంకె 6 అో 0 అో తెలియలేదు. బాక్సుకు 50 ముక్కలు. అంటే 314 ఉండాలి, లేదా 14 మాత్రమే.

పుస్తకాల్లో చూస్తే ఏడాది మొదట్లో 120, కొన్నవి 600, అమ్మినవి 406. మిగలాల్సినవి 314. కాబట్టి అది ఆరే. అలా పుస్తకాలతో పోల్చినా సరిపోలని వరుసలన్నీ గోడౌన్‌కి పంపి మళ్లీ లెక్కపెట్టించాను. ఆ కొత్త లెక్కలోంచి మార్చి 31 తర్వాత వచ్చినవి తీసేసి, అమ్మినవి కలిపాకే షీటుతో పోల్చాలి.

ధర కట్టడానికి, ముందొచ్చిన సరుకు ముందు అమ్ముడైందనే పద్ధతి పట్టుకున్నాం. మిగిలినవి కొత్త బిల్లులవి. ఆఖరి బిల్లు 200 ముక్కలు, ఒక్కోటి రూ.18, లారీ కిరాయి ముక్కకు రూపాయి. అంటే రూ.3,800. మిగతా 114 అంతకుముందు బిల్లువి, కిరాయితో కలిపి రూ.16.50 చొప్పున రూ.1,881. మొత్తం రూ.5,681.

జీఎస్టీ కలపలేదు, క్రెడిట్ తీసుకున్నాం కదా. కాంపోజిషన్‌లో ఉన్నవాళ్లకు క్రెడిట్ రాదు, వాళ్లు కలుపుకోవాలి. తుప్పు పట్టిన గడియలకు మాత్రం కొన్న ధర వేయలేదు. అమ్మితే చేతికొచ్చేది అంతకన్నా తక్కువ, అదే రాశాం.