చేతిలో ఆఫర్ ఉండగా రెండో కంపెనీని తొందరపెట్టడం ఎలా?

బెంగళూరులో బ్యాకెండ్ డెవలపర్‌గా పనిచేస్తున్నాను. నోటీసు పీరియడ్ 60 రోజులు. వైట్‌ఫీల్డ్‌లోని ఒక కంపెనీ ఆఫర్ లెటర్ ఇచ్చి, శుక్రవారం సాయంత్రంలోగా సంతకం చేసి పంపమన్నది. గడువు పెంచమని కోరితే సోమవారం ఉదయం 11 గంటల వరకు మాత్రమే ఒప్పుకున్నారు. నాకు ఎక్కువ నచ్చిన రెండో కంపెనీలో టెక్నికల్ రౌండ్లు పూర్తయ్యాయి గానీ, మేనేజర్ రౌండుకు ఇంకా తేదీ ఖరారు కాలేదు.

మరో ఆఫర్ ఉన్న సంగతినీ, దాని గడువునూ స్పష్టంగా తెలిపి, జీతం అంకె మాత్రం రాయకుండా, ఆ రౌండు గురువారంలోగా పెట్టగలరా అని రెండో కంపెనీ రిక్రూటర్‌కు మెయిల్ పంపాను. "ప్యానెల్‌తో మాట్లాడి చెబుతాను" అన్న ఒక్క వాక్యం వచ్చింది. ఆ తర్వాత ఫోన్ చేసినా ఎత్తడం లేదు. ఆఫర్ లెటర్ కాపీ జతచేస్తే పని వేగంగా కదలవచ్చు గానీ, అలా చేస్తే జీతం బేరం ఆ అంకె దగ్గరే ఆగిపోతుందేమోనని సందేహిస్తున్నాను. ఇక్కడ చాలామంది చేసినట్టు సంతకం పెట్టి, చేరే రోజుకు మానేయడం నాకు ఇష్టం లేదు.

టెక్నికల్ రౌండ్ల కోసం వచ్చిన క్యాలెండర్ ఆహ్వానంలో ఆ మేనేజర్ మెయిల్ చిరునామా కనిపిస్తోంది. ఈ పరిస్థితిలో రిక్రూటర్‌ను దాటి ఆయనకు నేరుగా రాయడం సబబేనా?