అప్‌డేట్: మేనల్లుడికి చెస్ గిఫ్ట్

"మేనల్లుడు టోర్నమెంట్లు ఆడుతున్నాడు. పుట్టినరోజుకి చెక్క చెస్ సెట్ కొనొచ్చా?" అని ఇక్కడే అడిగాను.

మీ జవాబులు వచ్చేలోపే నిగనిగలాడే సెట్ ఒకటి కొనేశానండీ. విజయనగరంలో అక్కావాళ్లింట్లో డబ్బా విప్పగానే వాడు నాలుగు బంట్లు తీసి ఒకే గడిలో పెట్టాడు. చుట్టూ ఇంకా బోలెడు ఖాళీ. "బోర్డుకి పావులు చిన్నవైపోయాయి మావయ్యా" అన్నాడు. సరిగ్గా నప్పితే నాలుగు బంట్లతో గడి దాదాపు నిండిపోవాలట. పైగా ఆ పాలిష్ మీద ట్యూబులైట్ వెలుగు పడి కళ్లు చెదురుతున్నాయి.

అది వెనక్కిచ్చేసి, చుట్టి సంచిలో పెట్టుకునే వినైల్ బోర్డు కొన్నాను. గడి 5.7 సెంటీమీటర్లు, రాజు ఎత్తు 9.5, రాజు అడుగు వెడల్పు 4.4. ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే చెప్పే కొలతల్లోనే ఉంది. ప్లాస్టిక్ పావులే, కాకపోతే అడుగున బరువు ఉండటంతో చెయ్యి తగిలినా తేలిగ్గా పడవు.

మిగిలిన డబ్బు డిజిటల్ చెస్ గడియారానికి పెట్టాను. ముళ్ల గడియారం ఇంట్లో సరదాకి పనికొస్తుంది గానీ, వేసే ప్రతి ఎత్తుకీ 30 సెకన్లు కలిపే ఆటకి కుదరదు. దాన్ని 90 నిమిషాలకి సెట్ చేయడానికి మాకిద్దరికీ అరగంట పట్టింది. ఆ తర్వాత నన్ను ఓడించడానికి వాడికి పది నిమిషాలు చాలు.