ఆకాశానికీ కొండలకూ గడ్డికీ ఒకటే బ్రష్షా?

పచ్చగడ్డి: ఫొటోలో పైన ఆకాశం, మధ్యలో కొండల వరస, ముందు గడ్డి. మోనే తరహా పెయింటింగ్‌లా మార్చాలని ఫొటోషాప్‌లో Oil Paint ఫిల్టర్ వేస్తే గడ్డి బాగా వచ్చింది. ఆకాశం నిండా వానపాముల్లాంటి మెలికలు. కొండలేమో గడ్డి పక్కనే ఉన్నట్టున్నాయి. మొత్తానికి ఒకే సెట్టింగ్ చాలదా, విడదీయాల్సిందేనా?

మబ్బుతునక: ఆకాశాన్ని బ్లర్ చేసి పడేయండి, మెలికలు పోతాయి. కొండలు దూరం కదా, వాటికి సన్నని గీతలు పెట్టండి.

పాతకుంచె: మొదటిది సగం నిజం. వెలుగునీడలు మారే తీరుని బట్టి ఫిల్టర్ గీత ఎటు పోవాలో తేల్చుకుంటుంది. గడ్డిలో ఆ దారి దొరుకుతుంది. ఆకాశంలో ఏమీ ఉండదు కాబట్టి నాయిస్‌నీ, జేపెగ్ గళ్లనీ పట్టుకుని మెలికలు తిరుగుతుంది. అందుకే ముందు నాయిస్ తీయాలి. అక్కడితో ఆగితే మాత్రం సున్నం వేసిన గోడలా ఉంటుంది. ఆకాశాన్ని వేరే లేయర్‌లో పెట్టి, Mixer Brushతో మబ్బుల వాలు వెంట పొడవాటి గీతలు చేత్తోనే వేయండి. నీలం పక్కన కాస్త గులాబీ, కాస్త లేత పసుపు పడనివ్వండి, వెలుగు మాత్రం మారకూడదు. మోనే 1872లో వేసిన సూర్యోదయ చిత్రాన్ని నలుపు తెలుపులోకి మార్చి చూడండి, సూర్యుడు ఆకాశంలో దాదాపు కలిసిపోతాడు. మీ ఆకాశాన్నీ అలాగే చూసుకోండి. నలుపు తెలుపులో గీతలు కొట్టొచ్చినట్టు కనిపిస్తే అవి ముందుకు దూకుతున్నట్టే.

కొండలకి సన్నని గీతలంటే ఒప్పుకోను. వివరం పెరిగితే అవి ఇంకా దగ్గరికొస్తాయి. ఫిల్టర్‌కి ముందే Curvesలో కొండల నలుపుని 255లో 80, 90 దాకా పైకి లేపి, కొంచెం నీలం కలపండి. రంగు గట్టుకట్టినట్టు చూపించే Lighting గడ్డికే ఉంచండి.

చిట్టితల్లి: మా పాప ఫొటోకి ఇదే ఫిల్టర్ వేశాను, ముక్కూ మూతీ కరిగిపోయాయి. దీనికీ లేయర్లేనా?

పాతకుంచె: ముఖం కథ వేరండీ, విడిగా అడగండి.

ఎర్రమట్టి: ఇన్ని ముక్కలు చేస్తే కత్తిరించి అతికించిన బొమ్మలా ఉంటుంది. మోనే లాంటి చిత్రకారుల కాన్వాస్ చూస్తే అంతా ఒకే నేతలా అనిపిస్తుంది. నేనైతే గీత సైజు ఎక్కడా మార్చను, దూరం సంగతి రంగే చూసుకుంటుంది.

పాతకుంచె: కొండలకీ గడ్డికీ అది కుదరొచ్చు, కాదనను. ఆకాశానికి మాత్రం నాకు నమ్మకం లేదు.

పచ్చగడ్డి: మెలికలు పోయాయి, కొండలు వెనక్కి జరిగాయి. కానీ కొండ అంచు వెంట తెల్లటి గీత వచ్చింది.

ఎర్రమట్టి: చెప్పానా!

పాతకుంచె: మాస్క్ సరిగ్గా అంచు దగ్గరే ఆగిపోయి ఉంటుంది. ఆకాశం గీతల్ని కొండల వెనక్కి ఒక గీత వెడల్పంత లాగి, కొండ లేయర్‌ని పైన పెట్టండి. అంచు మీద ఒకట్రెండు చోట్ల ఆకాశం రంగు కొండలోకి చొరబడనివ్వండి.